పాలసీ వర్డింగ్ తెలుగు చేసేటప్పుడు కవరేజ్ మారిపోకుండా చూసుకోవడం ఎలా

ముందు ఈ వాక్యం చూడండి. "మొదటి పాలసీ మొదలైన తేదీ నుంచి 30 రోజుల లోపు వచ్చిన జబ్బుకు అయ్యే చికిత్స ఖర్చు కవర్ కాదు." చదవడానికి శుభ్రంగానే ఉంది, హెల్త్ పాలసీల్లో ఉండే 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ క్లాజుకి తెలుగు ఇది, నేను కూడా మొదట్లో ఇలాగే రాసేవాణ్ణి. కానీ ఇంగ్లిష్‌లో చాలాచోట్ల ఉండేది "ఎక్స్‌పెన్సెస్ రిలేటెడ్ టు ద ట్రీట్‌మెంట్ ఆఫ్ ఎనీ ఇల్‌నెస్ వితిన్ థర్టీ డేస్" అని. అందులో "వచ్చిన" అనే మాటే లేదు, అది మనం పెట్టింది.

పెడితే ఏమైంది అంటారా? ఒకాయనకి పాలసీ మొదలైన 25వ రోజు జ్వరం మొదలైంది, ఇంట్లో మాత్రలు వేసుకుంటూ లాక్కొచ్చాడు, 34వ రోజు ఆస్పత్రిలో చేరాడు. మన తెలుగు ప్రకారం జబ్బు 30 రోజుల లోపు వచ్చింది కాబట్టి క్లెయిమ్ పోయినట్టే. ఇంగ్లిష్‌లో 30 రోజులు అన్నది చికిత్సకి చెప్పిన గడువు అనుకుంటే మాత్రం 34వ రోజు చికిత్సకి ఈ క్లాజు అసలు అడ్డే రాదు. ఒక్క మాటతో మనిషి లోపల్నుంచి బయటికి వెళ్ళిపోయాడు.

ఇది తెలుగుతో వచ్చే చిక్కు. ఇంగ్లిష్‌లో "వితిన్ థర్టీ డేస్" వాక్యం చివర్న వేలాడుతూ ఉంటే అది ట్రీట్‌మెంట్‌కి పడుతుందా ఇల్‌నెస్‌కి పడుతుందా అన్నది తేల్చకుండానే వాక్యం నడిచిపోతుంది, మనకి అలా కుదరదు, విశేషణం నామవాచకం ముందు కూర్చోవాలి, దేని ముందు కూర్చోబెడితే దానికే అతుక్కుంటుంది, దానికి తోడు "వచ్చిన", "జరిగిన", "మొదలైన" లాంటి క్రియ ఒకటి తగిలించకపోతే చెవికి వెలితిగా ఉంటుంది. ఆ క్రియ తగిలించిన క్షణంలోనే మనకి తెలియకుండా కవరేజ్ తీర్పు ఇచ్చేస్తాం. కాబట్టి పాలసీ అనువాదంలో తప్పులు పెద్ద పదాల దగ్గర కాదు, ఇలాంటి చిన్న మాటల దగ్గర జరుగుతాయి. ఇప్పుడు నేను పనిచేసే పద్ధతి చెప్తాను.

మొదటి పని: డెఫినిషన్లు, ఆ తర్వాత మినహాయింపు అనే మాట సంగతి

క్లాజులు మొదలుపెట్టకముందే డెఫినిషన్ల సెక్షన్ మొత్తం చదవండి. పెద్దక్షరంతో మొదలయ్యే మాటలు, లేదా బోల్డ్‌లో ఉన్నవి, పాలసీలో ప్రత్యేక అర్థం ఇచ్చినవి. వాటిలో ప్రతిదానికీ ఒకే ఒక్క తెలుగు మాట ఫిక్స్ చేసి షీట్‌లో రాసుకోండి, ఇక డాక్యుమెంట్ చివరిదాకా అదే మాట. ఒకే మాట పదిసార్లు వస్తే విసుగ్గా ఉందని ఒకచోట "జబ్బు", ఒకచోట "వ్యాధి", ఒకచోట "అనారోగ్యం" అని మార్చారనుకోండి, చదివేవాడికి అవి మూడు వేరు వేరు సంగతులు అనిపించే ప్రమాదం ఉంది, వాదించేవాడికైతే అదే పాయింటు. ఎందుకంటే ఇంగ్లిష్ పాలసీలో ఇల్‌నెస్, డిసీజ్, ఇంజ్యురీ అన్నవి నిజంగానే వేరు వేరు మాటలుగా ఉండొచ్చు. మీరు ఏది దేనికి పెట్టారో షీట్ చెప్పాలి.

ఈ షీట్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట "మినహాయింపు". ఎక్స్‌క్లూజన్‌కి డిక్షనరీ ఇచ్చేది ఇదే, అందరూ రాసేదీ ఇదే. కానీ మామూలు మనిషి చెవికి మినహాయింపు అంటే తనకి కలిగే లాభం, పన్ను మినహాయింపు, ఫీజు మినహాయింపు లాగా. "ఈ పాలసీలో దంత చికిత్సకు మినహాయింపు ఉంది" అని చదివి, పళ్ళకి ఏదో సౌకర్యం ఇచ్చారనుకున్నవాళ్ళని నేను చూశాను, తప్పు వాళ్ళది కాదు. పైగా ఎక్స్‌క్లూజన్‌కీ, ఎక్సెప్షన్‌కీ, ఒక్కోసారి డిడక్టిబుల్‌కీ కూడా ఇదే మాట వాడేస్తారు. అప్పుడు "ప్రమాదాలకు ఈ మినహాయింపు నుంచి మినహాయింపు కలదు" లాంటి వాక్యం పుడుతుంది, దాన్ని ఎవరు అర్థం చేసుకుంటారో నాకైతే తెలీదు.

నేను చేసేది ఏంటంటే, హెడ్డింగ్‌లో "కవర్ కానివి (ఎక్స్‌క్లూజన్లు)" అని పెడతాను, వాక్యంలో "కవర్ కావు" అని నేరుగా చెప్తాను. ఎక్సెప్షన్‌కి "ఈ నిబంధన వీటికి వర్తించదు" అంటాను. డిడక్టిబుల్‌ని డిడక్టిబుల్ అనే ఉంచి, డెఫినిషన్‌లో "మీరు ముందుగా భరించాల్సిన మొత్తం" అని వివరిస్తాను. మినహాయింపు అనే మాటని డాక్యుమెంట్‌లోంచే తీసేస్తాను, నా వరకు ఇది సుఖంగా ఉంది.

రెండో పని: క్లాజుని ముక్కలు చేసి పెట్టుకోవడం

అసలు పని ఇదే, ఒక క్లాజు తీసుకుని మొత్తం చేద్దాం. ముందు నుంచి ఉన్న జబ్బుల క్లాజు, పాలసీల్లో దీని నమూనా దాదాపు ఇలా ఉంటుంది. ముందు నుంచి ఉన్న జబ్బుకీ దాని డైరెక్ట్ కాంప్లికేషన్లకీ సంబంధించిన చికిత్స ఖర్చులు, ఈ కంపెనీ దగ్గర మొదటి పాలసీ మొదలైన తేదీ తర్వాత 36 నెలల కంటిన్యూయస్ కవరేజ్ ముగిసేదాకా కవర్ కావు. సమ్ ఇన్సూర్డ్ పెంచుకుంటే, పెరిగిన మేరకు ఈ నిబంధన మళ్ళీ మొదట్నుంచి వర్తిస్తుంది.

దీన్ని చాలామంది తెలుగు చేసేది: "ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ళ తర్వాత కవరేజ్ లభిస్తుంది. సమ్ ఇన్సూర్డ్ పెంచితే, పెంచిన సమ్ ఇన్సూర్డ్‌కు మళ్ళీ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది." బ్రోషర్‌కైతే సరిపోతుందేమో, పాలసీకి సరిపోదు. ఎక్కడెక్కడ జారిందో చూద్దాం.

మొదటిది, "కవరేజ్ లభిస్తుంది" అన్నది హామీ. ఇంగ్లిష్ క్లాజు ఏ హామీ ఇవ్వలేదు, ఫలానా టైమ్ దాకా కవర్ కాదు అని మాత్రమే అంది. ఆ టైమ్ అయిపోతే ఈ ఒక్క అడ్డు తొలగుతుంది, అంతే, ఆ ఖర్చుకి మిగతా ఎక్స్‌క్లూజన్లు, సబ్ లిమిట్లు, షరతులు అన్నీ అలాగే ఉంటాయి. కాబట్టి "కావు"ని "అవుతుంది"గా తిప్పకండి. మూలం నెగెటివ్‌లో ఉంటే తెలుగూ నెగెటివ్‌లోనే, "36 నెలలు ముగిసే వరకు కవర్ కావు". ఇది చెప్పడానికి చాలా చిన్న రూల్, కానీ "పాజిటివ్‌గా రాయండి, కస్టమర్‌కి బాగుంటుంది" అని మార్కెటింగ్ వాళ్ళు చెప్పినప్పుడు పట్టుకుని నిలబడాల్సిన రూల్ కూడా ఇదే.

రెండోది, "మూడేళ్ళ తర్వాత" అన్నారు, ఎప్పట్నుంచి మూడేళ్ళు? ఇప్పుడు చేతిలో ఉన్న పాలసీ నుంచా, మొదటి పాలసీ నుంచా? రెన్యువల్ చేసుకున్న ప్రతిసారీ కొత్త పాలసీ డాక్యుమెంట్ వస్తుంది, దాని మీద కొత్త తేదీ ఉంటుంది, చదివేవాడు ఆ తేదీనే లెక్కపెట్టుకుంటాడు. "మొదటి పాలసీ" అన్న మాట పోతే వెయిటింగ్ పీరియడ్ ఎప్పటికీ అయిపోదు. "కంటిన్యూయస్" పోతే దీనికి ఉల్టా జరుగుతుంది, మధ్యలో ఏడాది పాలసీ ఆపేసి మళ్ళీ తీసుకున్నవాడు కూడా మొదటిసారి తీసుకున్న తేదీ నుంచి లెక్క కట్టి నాకు మూడేళ్ళు అయిపోయాయి అంటాడు. కంటిన్యూయస్‌కి నేను "మధ్యలో ఆగకుండా కొనసాగిన" అంటాను, ఎన్ని రోజులు ఆలస్యమైతే ఆగినట్టు అన్నది డెఫినిషన్‌లో గ్రేస్ పీరియడ్ దగ్గర ఉంటే అక్కడికే వదిలేస్తాను, నా సొంతంగా వివరణ కలపను.

యూనిట్ గురించి ఒక మాట. 36 నెలలు మూడేళ్ళే కదా అని మార్చకండి, ఇక్కడ తేడా రాకపోవచ్చు గానీ అలవాటైతే 30 రోజుల్ని నెల చేస్తారు, 24 గంటల్ని ఒక రోజు చేస్తారు. ఆస్పత్రిలో కనీసం 24 గంటలు వరసగా ఉండాలి అన్న షరతుని "ఒక రోజు ఉండాలి" అని రాశారనుకోండి, సాయంత్రం ఆరుకి చేరి మర్నాడు మధ్యాహ్నం మూడింటికి డిశ్చార్జ్ అయినవాడు ఒక రోజు ఉన్నాననే అనుకుంటాడు, గడియారం ప్రకారం 21 గంటలే. అలాగే "లోపు", "తర్వాత", "వరకు" విషయంలో అంచు రోజు ఏ వైపు పడుతుందో మూలం చూసి రాయండి. "ముగిసే వరకు" అంటే ఆఖరి రోజు కూడా లోపలే.

మూడోది, డైరెక్ట్ కాంప్లికేషన్లు. దీన్ని వదిలేస్తే ఎక్స్‌క్లూజన్ చిన్నదైపోతుంది, "దాని వల్ల వచ్చే సమస్యలన్నీ" అంటే పెద్దదైపోతుంది. షుగర్ ముందు నుంచి ఉంది, దాని వల్ల నేరుగా కిడ్నీ దెబ్బతింటే అది ఒక లెక్క, షుగర్ మనిషి కళ్ళు తిరిగి మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే అది ఇంకో లెక్క. రెండోది డైరెక్టా కాదా అని తేల్చేది క్లెయిమ్ చూసేవాళ్ళు, మనం కాదు. మనం "నేరుగా దాని వల్ల వచ్చిన కాంప్లికేషన్లు" అని రాస్తే ఆ ప్రశ్న ఇంగ్లిష్‌లో ఎలా తెరిచి ఉందో తెలుగులోనూ అలాగే తెరిచి ఉంటుంది.

ఇక నాలుగోది, నేనే పడిన గొయ్యి ఇది. "పెంచిన సమ్ ఇన్సూర్డ్". నేను రాసి పంపిన డ్రాఫ్ట్‌లో అచ్చం ఇదే ఉంది, రివ్యూలో క్లెయిమ్స్ సైడ్ మనిషి ఒకావిడ ఫోన్ చేసి, "పెంచిన అంటే ఎంతండీ, మొత్తమా, పెరిగిందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే తెలుగులో రెండూ అవుతాయి.

లెక్క వేసి చూడండి. ఒకరు 2022 జనవరి 10న మొదటి పాలసీ తీసుకున్నారు, సమ్ ఇన్సూర్డ్ 5 లక్షలు, షుగర్ అప్పటికే ఉందని ప్రపోజల్‌లో రాశారు. 2024 జనవరి 10న రెన్యువల్‌లో 10 లక్షలకి పెంచుకున్నారు. ఎక్కడా ఆపలేదు. మొదటి 36 నెలలు 2025 జనవరి 9తో అయిపోయాయి. 2025 ఫిబ్రవరిలో షుగర్ కారణంగా ఆస్పత్రి, బిల్లు 7 లక్షలు. ఇంగ్లిష్ ప్రకారం పాత 5 లక్షలకి వెయిటింగ్ అయిపోయింది, పెరిగిన 5 లక్షలకి మాత్రం 2027 జనవరి దాకా ఉంది. అంటే, మిగతా షరతులన్నీ సరిపోతే, 5 లక్షల దాకా వస్తుంది. నా తెలుగుని "పెంచిన మొత్తం 10 లక్షలకీ మళ్ళీ వెయిటింగ్" అని చదివితే వచ్చేది సున్నా. పైగా అలా చదివినవాళ్ళు, పెంచుకుంటే ఉన్నదీ పోతుందేమో అని అసలు పెంచుకోవడమే మానేస్తారు.

దిద్దిన వాక్యం ఇది: "సమ్ ఇన్సూర్డ్ పెంచుకుంటే, ఎంత పెరిగిందో ఆ పెరిగిన మేరకు మాత్రమే ఈ నిబంధన మళ్ళీ మొదట్నుంచి వర్తిస్తుంది." "మాత్రమే" ఇంగ్లిష్‌లో మాటకి మాటగా లేదు గానీ, "టు ది ఎక్స్‌టెంట్ ఆఫ్" అన్నదాంట్లో ఆ హద్దు ఉంది. ఇలా ఏదైనా కలిపినప్పుడు ఎందుకు కలిపానో పక్కన కామెంట్ పెడతాను, రివ్యూ చేసేవాళ్ళు ఒప్పుకుంటేనే ఉంచుతాను.

మూడో పని: తేనే, అన్నీ

షరతుల సెక్షన్‌లో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని షరతులు పాటిస్తేనే కంపెనీకి చెల్లించే బాధ్యత పుడుతుంది, ఇంగ్లిష్‌లో కండిషన్ ప్రిసీడెంట్ అంటారు. మిగతావి మామూలు బాధ్యతలు, పాటించకపోతే ఏం జరుగుతుందో పాలసీ ఇంకోచోట చెప్తుంది, లేదా చెప్పదు. తెలుగులో ఈ రెంటి మధ్య గోడ అంతా ఒక "ఏ" మీద నిలబడి ఉంటుంది.

"ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లోగా కంపెనీకి తెలియజేయాలి" అంటే బాధ్యత. "24 గంటల్లోగా తెలియజేస్తేనే క్లెయిమ్ చెల్లించబడుతుంది" అంటే ముందస్తు షరతు, 26వ గంటలో ఫోన్ చేసినవాడి క్లెయిమ్ అక్కడితో పోయినట్టే. మూలంలో "షల్ నోటిఫై" అని మాత్రమే ఉంటే "తేనే" పెట్టే హక్కు మనకి లేదు. అలాగే మూలంలో "ప్రిసీడెంట్ టు లయబిలిటీ" అని స్పష్టంగా ఉంటే, వినడానికి కటువుగా ఉందని "తెలియజేయవలెను" అని మెత్తబరచకూడదు, ఆ పాలసీదారుడు అది మామూలు మర్యాదే అనుకుని తీరిగ్గా ఫోన్ చేస్తాడు. నేను ఫైనల్ డ్రాఫ్ట్‌లో "తేనే", "మాత్రమే", "కూడా" అని వెతికి, ప్రతిదానికీ మూలంలో ఏ మాట ఉందో వేలు పెట్టి చూపించగలనా అని చూస్తాను. చూపించలేకపోతే తీసేస్తాను.

"అన్నీ" అయితే ఇంకా మోసం. "ఇంటి దగ్గర చేసిన చికిత్స అన్ని ఖర్చులూ చెల్లించబడవు." ఏమీ ఇవ్వరు అనా, అన్నీ ఇవ్వరు గానీ కొన్ని ఇస్తారు అనా? బయట మాట్లాడేటప్పుడు గొంతు ఎత్తి దించి తేడా చూపిస్తాం, కాగితం మీద గొంతు ఉండదు. ఏమీ ఇవ్వరు అని చెప్పాలంటే "ఏ ఖర్చూ చెల్లించం". కొంత ఇస్తారు అంటే ఎంత దాకా ఇస్తారో ఆ లిమిట్‌తో చెప్పండి. నెగెటివ్ వాక్యంలో "అన్ని" కనపడితే ఆగి మళ్ళీ రాయండి, ఇందులో నాకు ఇంతవరకు ఎక్సెప్షన్ తగల్లేదు.

కారణం చెప్పే మాటలు కూడా ఒకసారి చూసుకోండి. మనం అన్నిటికీ "వల్ల" వాడేస్తాం. "కాజ్డ్ బై" కి వల్ల సరే. "డైరెక్ట్‌లీ ఆర్ ఇండైరెక్ట్‌లీ" ఉంటే "నేరుగా గానీ పరోక్షంగా గానీ" అని రెండూ రాయాల్సిందే, వదిలేస్తే ఎక్స్‌క్లూజన్ కుంచించుకుపోతుంది. "ఇన్ కనెక్షన్ విత్" ఉంటే "సంబంధించి", అది వల్ల కంటే వెడల్పు.

నాలుగో పని: క్లెయిములు వేసి చూడడం

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేయిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, నా అనుభవంలో అది సగమే పట్టిస్తుంది. "పెంచిన సమ్ ఇన్సూర్డ్"ని తిరిగి ఇంగ్లిష్ చేసినాయన "ఎన్‌హాన్స్‌డ్ సమ్ ఇన్సూర్డ్" అన్నాడు, మూలంతో పక్కపక్కన పెడితే బాగానే ఉన్నట్టు కనిపించింది, గొయ్యి అలాగే ఉండిపోయింది. రెండు భాషల్లోనూ ఒకేలా మసగ్గా ఉన్న మాటని బ్యాక్ ట్రాన్స్‌లేషన్ పట్టుకోలేదు.

దానికి బదులు క్లాజుకి నాలుగైదు చిన్న కేసులు రాయండి, అన్నీ అంచుల మీద ఉండేవి. పైన చెప్పిన క్లాజుకైతే నేను రాసినవి ఇవి: ఆఖరి రోజునే ఆస్పత్రిలో చేరినవాడు, దాని మర్నాడు చేరినవాడు, మధ్యలో పాలసీ ఆపి మళ్ళీ తీసుకున్నవాడు, సమ్ ఇన్సూర్డ్ పెంచుకున్నవాడు, షుగర్ ఉండి కాలు విరగ్గొట్టుకున్నవాడు. తేదీలు, మొత్తాలు వేసి రాయండి, "కొన్నాళ్ళ తర్వాత" లాంటివి పనికిరావు. ఇంగ్లిష్ తెలిసి ఇన్సూరెన్స్ తెలిసినవాళ్ళు ఒకరు ఇంగ్లిష్ మాత్రమే చూసి జవాబులు రాయాలి, ఇంగ్లిష్ పాలసీ అసలు చూడనివాళ్ళు ఒకరు తెలుగు మాత్రమే చూసి రాయాలి. జవాబుకి మూడే చాయిస్‌లు: వస్తుంది, రాదు, తేల్చలేను. వస్తుంది అంటే ఎంతదాకా అని పక్కన.

రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడండి. ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు అంటే అనువాదం తప్పు, అది తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో "తేల్చలేను" అని ఉండి తెలుగులో ధీమాగా "రాదు" అని ఉంటే అదీ తప్పే, దీన్ని చాలామంది వదిలేస్తారు, పైగా తెలుగు ఇంకా స్పష్టంగా ఉందని మురిసిపోతారు. పాలసీలో మసకగా ఉన్నచోట సందేహాన్ని రాసినవాళ్ళకి వ్యతిరేకంగా, పాలసీదారుడి వైపు చదవడం అన్నది చాలా దేశాల కోర్టుల్లో ఉన్న సూత్రం. మూలంలో ఉన్న ఆ మసకని మనం తుడిచేస్తే పాలసీదారుడి చేతిలో ఉన్న వాదన కూడా తుడిచేసినట్టు.

మళ్ళీ మొదటి 30 రోజుల క్లాజుకి వస్తే, అక్కడ జ్వరం మనిషి కేసుని ఇంగ్లిష్ చదివేవాళ్ళు ఇద్దరికి ఇచ్చి చూశాను, ఒకరు "వస్తుంది" అన్నారు, ఒకరు "తేల్చలేను" అన్నారు. ఇలాంటప్పుడు మీరే ఊహించి రాయొద్దు, పని ఇచ్చినవాళ్ళకి క్వెరీ పంపండి. క్వెరీ కూడా "ఈ క్లాజు అర్థం కాలేదు" అని పంపితే "ఉన్నది ఉన్నట్టు అనువదించండి" అనే జవాబే వస్తుంది. నేను పంపింది ఇలా ఉంటుంది: "25వ రోజు జబ్బు మొదలై 34వ రోజు ఆస్పత్రిలో చేరితే ఈ క్లాజు వర్తిస్తుందా? వర్తిస్తుందంటే తెలుగులో 'వచ్చిన జబ్బు' అని రాస్తాను, వర్తించదంటే 'జరిగిన చికిత్స' అని రాస్తాను. తెలుగులో రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు." ఇలా అడిగితే అవతలివాళ్ళు ప్రోడక్ట్ టీమ్‌నో లీగల్‌నో అడిగి రాతపూర్వకంగా చెప్తారు. కొన్ని పాలసీల్లో "30 రోజుల్లో కాంట్రాక్ట్ అయిన డిసీజ్" అనే ఉంటుంది, అప్పుడు "వచ్చిన" కరెక్టే, క్వెరీ అక్కర్లేదు.

జవాబు రాకముందే డెడ్‌లైన్ వచ్చేస్తే? "వచ్చిన", "జరిగిన" రెండూ తీసేసి, "ఏ జబ్బుకైనా చికిత్సకు సంబంధించిన ఖర్చులు, మొదటి పాలసీ మొదలైన తేదీ నుంచి 30 రోజుల లోపు, కవర్ కావు" అని కామాల మధ్య పెట్టి పంపుతాను. కొంచెం గతుకుగా ఉంటుంది, ఎడిటర్లు దిద్దబోతారు, దిద్దొద్దని పక్కనే నోట్ పెడతాను. "తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుంది" అని చివర్లో లైన్ ఉంది కదా అని కొందరు అంటారు గానీ, తెలుగు ప్రతి ఇచ్చిందే ఇంగ్లిష్ చదవలేనివాళ్ళకి, ఆస్పత్రిలో చేరాలా ఆగాలా అన్నది వాళ్ళు తేల్చుకునేది ఈ కాగితం చూసే. ఆ నోట్‌తో పాటు పంపిన క్వెరీ కాపీ, తేదీ కూడా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉంచండి, వచ్చే ఏడాది రెన్యువల్ వర్డింగ్ ఇంకొకరి చేతికి వెళ్ళినప్పుడు ఆ గతుకు ఎందుకుందో వాళ్ళకి తెలుస్తుంది.